పదిహేడో నిమిషంలో ఏం జరిగింది?

శిక్షణలో ఉన్న సైకోథెరపిస్టుకు మార్కులు ఎలా వేస్తారు?

మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న 129 మందిని అమెరికాలో ఒక పరిశోధక బృందం ఓ ప్రశ్న అడిగింది. మీ వృత్తిలో ఉన్న మిగతావాళ్లతో పోలిస్తే మీ నైపుణ్యం ఏ స్థాయిలో ఉంది? జవాబులు 2012లో అచ్చయ్యాయి. నాలుగోవంతు మంది తాము అందరికన్నా పైనున్న పది శాతంలో ఉన్నామని చెప్పుకున్నారు. సగటు కన్నా తక్కువగా ఉన్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లు అబద్ధం చెప్పారని అనుకోనక్కర్లేదు. థెరపిస్టు పని మూసిన తలుపు వెనక జరుగుతుంది. ఎదురుగా ఉండే ఒకే ఒక్క సాక్షి కష్టంలో ఉన్న మనిషి. ఆ మనిషి మర్యాదకో మొహమాటానికో "బాగుందండీ" అనేసి వెళ్లిపోతాడు. అలాంటప్పుడు తన పని ఎలా ఉందో థెరపిస్టుకు తెలిసే దారేది?

ఆ దారిని మొదట తెరిచినవాళ్లలో ముఖ్యుడు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్. 1940ల మొదట్లో ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన విద్యార్థులు కౌన్సెలింగ్ సంభాషణలను రికార్డు చేసి, మళ్లీ మళ్లీ విని, మాటమాటా రాసుకున్నారు. 1942లో వచ్చిన తన పుస్తకంలో రోజర్స్ ఒక కేసు సెషన్లన్నిటినీ మొదటినుంచి చివరిదాకా అచ్చువేశారు. అంతవరకూ థెరపిస్టు సెషన్ అయ్యాక తనకు గుర్తున్నది రాసుకొచ్చి గురువుకు చెప్పేవాడు. గుర్తున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉంటుందో రికార్డింగ్ వచ్చాకే బయటపడింది.

అయితే రికార్డింగ్ ఒక్కటే ఉంటే సరిపోదు. ఒకే సెషన్‌ను విని ఒక సీనియర్ "చాలా ఆత్మీయంగా చేసింది" అంటారు, ఇంకొకరు "సలహాలు ఎక్కువయ్యాయి" అంటారు. ఏం వినాలో, విన్నదాన్ని దేనితో పోల్చాలో ముందే ఒక ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందమే మూల్యాంకన పట్టిక. విద్యారంగంలో రూబ్రిక్ అంటున్నది దీన్నే. ఇలాంటి పట్టికలు థెరపీ పద్ధతిని బట్టి చాలా ఉన్నాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్న ఒకదాన్ని తీసుకుని, ఒక సెషన్‌కు దాన్ని ఎలా వర్తింపజేస్తారో చూద్దాం.

పన్నెండు అంశాలు, ఆరు మార్కులు

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని క్లుప్తంగా సీబీటీ అంటారు. మనసులో మెదిలే ఆలోచనకూ, దాని వెంట వచ్చే భావానికీ, ఆ తర్వాత మనిషి చేసే పనికీ మధ్య ఉన్న ముడిని క్లయింటుతో కలిసి విప్పి చూడడం ఈ థెరపీ పద్ధతి. దీన్ని రూపొందించిన ఆరన్ బెక్, జెఫ్రీ యంగ్‌తో కలిసి 1980లో థెరపిస్టుల పనిని కొలిచే ఒక స్కేలు తయారుచేశారు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ఐవీ-మేరీ బ్లాక్‌బర్న్ బృందం దాన్ని సవరించి 2001లో ప్రచురించింది. శిక్షణ కోర్సుల్లో దాన్ని సీటీఎస్-ఆర్ అని పిలుస్తారు. 2008 నుంచి ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య వ్యవస్థలో సీబీటీ థెరపిస్టులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక ఈ స్కేలు వాడకం బాగా పెరిగింది.

అందులో పన్నెండు అంశాలు ఉంటాయి. మొదటి నాలుగూ సెషన్ నడిపిన తీరుకు సంబంధించినవి. ఈరోజు ఏం మాట్లాడాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నారా, క్లయింటుకు ఎంత అర్థమైందో మధ్యమధ్య అడిగి తెలుసుకున్నారా, పనిని ఇద్దరూ పంచుకున్నారా, ఉన్న సమయాన్ని సరిగా వాడుకున్నారా అన్నవి చూస్తారు. అయిదోది క్లయింటుతో థెరపిస్టు మెలిగిన తీరు, ఆ మాటల్లోని ఆత్మీయత. తర్వాతి మూడూ భావాలను, కీలకమైన ఆలోచనలను, ప్రవర్తనను బయటికి రప్పించడం గురించి. తొమ్మిదోది, నేర్చుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనది, క్లయింటు తనంతట తాను ఒక కొత్త చూపుకు చేరేలా ప్రశ్నలతో దారి చూపించడం. మిగిలిన మూడూ సమస్య మొత్తాన్ని ఒక చట్రంలో అర్థం చేయించడం, మార్పు కోసం వాడిన పద్ధతులు, ఇంటి దగ్గర చేయాల్సిన పని.

ఒక్కో అంశానికి సున్నా నుంచి ఆరు దాకా మార్కులు. మొత్తం 72. చాలా కోర్సుల్లో అందులో సగం, అంటే 36 వస్తే ఉత్తీర్ణత. ఈ అంకెల వెనక ఉన్న మెట్లను బెర్క్‌లీకి చెందిన డ్రైఫస్ సోదరులు 1980లో ప్రతిపాదించిన నమూనా నుంచి తీసుకున్నారు. పైలట్లు, చదరంగం ఆటగాళ్లు, విదేశీ భాష నేర్చుకునేవాళ్లు ఎలా ఎదుగుతారో పరిశీలించి వాళ్లు ఆ మెట్లను వివరించారు. కారు నేర్చుకునే కొత్తలో క్లచ్, గేరు, అద్దం అని ఒక్కొక్కటీ మనసులో చదువుకుంటూ నడుపుతాం. అనుభవం వచ్చాక కళ్లు రోడ్డు మీద ఉంటాయి, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. థెరపీలోనూ నైపుణ్యం ఇలాగే పెరుగుతుందని ఈ స్కేలు భావన. మాటల్లో చెబితే మెట్లు ఇవి:

0 – ఆ నైపుణ్యం సెషన్‌లో కనబడలేదు, లేదా పూర్తిగా తప్పుగా వాడారు.
1 – ప్రయత్నం ఉంది, పెద్ద లోపాలున్నాయి. కొత్తగా చేరినవాళ్ల స్థాయి.
2 – అక్కడక్కడ బాగుంది, లోపాలు ఎక్కువ, నిలకడ లేదు.
3 – పని సరిగ్గానే జరిగింది, కొన్ని లోపాలున్నాయి. సమర్థత ఇక్కడ మొదలవుతుంది.
4 – బాగా చేశారు, చిన్న లోపాలే ఉన్నాయి.
5 – చాలా బాగా చేశారు, లోపాలు దాదాపు లేవు.
6 – అద్భుతం, లేదా క్లయింటు వైపు నుంచి కష్టమైన పరిస్థితి ఎదురైనా చాలా బాగా నడిపారు.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. మూడు మార్కులకు తప్పులు ఉండకూడదన్న షరతు లేదు. ఆ అంశంలో ఈ థెరపిస్టు చేతిలో క్లయింటుకు పని జరుగుతుందని దాని అర్థం. పరీక్షల్లో తొంభైలు తెచ్చుకుని వచ్చిన విద్యార్థులకు "మూడు" అనగానే ముఖం చిన్నబోతుంది. అందుకే కోర్సు మొదట్లోనే వాళ్లకు ఈ అర్థం విడమరిచి చెప్పాలి. ఇక ఆరో మెట్టు చెప్పేది మరొకటి. హాయిగా సహకరించే క్లయింటుతో సాఫీగా నడిచిన గంట ఒక్కటే గొప్ప పని కాదు. కోపంగా, మౌనంగా కూర్చున్న మనిషితో తడబడకుండా నడిచిన గంట అంతకన్నా తక్కువది కాదు.

ఒక సెషన్ వినండి

ఇప్పుడు చూసేది ఊహించి అల్లిన సెషన్. ఇందులో ఎవరి నిజజీవిత వివరాలూ లేవు. క్లయింటుకు 29 ఏళ్లు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదివాడు. రెండుసార్లు రాలేదు. కొన్ని నెలలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, బంధువుల ఇళ్లకు పోవడం మానేశాడు. శిక్షణలో ఉన్న థెరపిస్టు అతని కన్నా రెండేళ్లు చిన్నది. ఇది అయిదో సెషన్, యాభై నిమిషాలు.

మూడో నిమిషంలో ఆమె అడిగింది: "ఈరోజు ఏం మాట్లాడుకుందామండీ?"

"మీ ఇష్టం మేడమ్."

"సరే, పోయిన వారం హోంవర్క్ చూసుకుని, తర్వాత మీరు పెళ్లికి వెళ్లకపోవడం గురించి మాట్లాడదాం."

మాట్లాడాల్సిన విషయాలు తేలాయి, చివరిదాకా వాటికి కట్టుబడింది కూడా. అందుకు మొదటి అంశంలో మూడు వేయవచ్చు. కానీ అతను "మీ ఇష్టం" అన్నప్పుడు ఆమె ఆ బాధ్యతను అలాగే తీసేసుకుంది. "ఈ వారంలో మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఏమిటి?" అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే అతని వైపు నుంచి ఏదో ఒకటి వచ్చేది. మన దగ్గర డాక్టరు ముందు, టీచరు ముందు "మీరే చెప్పండి" అనడం గౌరవం. క్లయింటు ఆ గౌరవాన్ని చూపిస్తాడని తెలిసి కూడా అతన్ని పనిలో భాగస్వామిని చేయడమే ఇక్కడ నైపుణ్యం. ఆ ప్రయత్నం సెషన్ పొడుగునా ఒకటి రెండు చోట్లే కనబడింది కాబట్టి, కలిసి పనిచేయడం అనే అంశంలో రెండు.

పదిహేడో నిమిషం దగ్గర ఈ సంభాషణ ఉంది.

"మా పెదనాన్న కూతురి పెళ్లికి వెళ్లలేదు మేడమ్. వెళ్తే అందరూ అదే అడుగుతారు, ఉద్యోగం వచ్చిందా అని. నేను చేతగానివాణ్ణని అందరికీ తెలిసిపోయింది."

"అందరూ అలా అనుకోరు కదా! మీ అమ్మగారు మిమ్మల్ని ఎంత బాగా చూసుకుంటున్నారు! ఆ పరీక్ష లక్షలమంది రాస్తారు, కొద్దిమందికే వస్తుంది. రానంత మాత్రాన చేతకానట్టు కాదు కదా?"

"అవును మేడమ్."

"అలా ఆలోచిస్తే కొంచెం తేలిగ్గా ఉంది కదా?"

"ఉంది మేడమ్."

మామూలు చెవికి ఇది మంచి సంభాషణ. ఆమె చెప్పినదంతా నిజం, గొంతులో ఆప్యాయత ఉంది. క్లయింటు కూడా ఒప్పుకున్నాడు. పట్టిక చేతిలో పెట్టుకుని వింటే మరోలా వినబడుతుంది. ఆమె అడిగినవన్నీ "అవును" అనే జవాబును ముందే లోపల పెట్టుకున్న ప్రశ్నలు. కొత్త విషయం ఒక్కటీ అతని నోటి నుంచి రాలేదు. "తెలిసిపోయింది" దగ్గర అతని గొంతు పడిపోయింది, ఆమె ఆగలేదు. "అందరూ" అంటే ఎవరని అడగలేదు. చివరికి అతను ఒప్పుకున్నది తన ఆలోచన మారి కాదు, ఆమె మాట కాదనలేక.

అయితే తొమ్మిదో అంశంలో ఆమెకు ఎన్ని మార్కులు? ఈ ఒక్క నిమిషమే చూస్తే ఒకటి. కానీ మార్కు సెషన్ మొత్తానికి. పన్నెండో నిమిషంలో ఆమె "పెళ్లికార్డు చూడగానే మీ మనసులో మొదట ఏం మెదిలింది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా మౌనంగా ఆగింది. అది మంచి ప్రశ్న. అంటే ఈ నైపుణ్యం ఆమెలో ఉంది, క్లయింటు బాధ చూసి కంగారు పడినప్పుడు జారిపోతోంది. "అక్కడక్కడ బాగుంది, నిలకడ లేదు" అన్న వర్ణనకు ఇది సరిపోతుంది కాబట్టి రెండు. భావాల విషయంలోనూ రెండు. కీలకమైన ఆలోచన, అంటే "చేతగానివాణ్ణి" అన్నది బయటికి వచ్చేలా చేసింది కనుక ఆ అంశంలో మూడు. ఆత్మీయతకు నాలుగు.

నలభై ఆరో నిమిషంలో ఆమె "ఈ వారం ఏదైనా ఒక ఫంక్షన్‌కు వెళ్లి రండి" అంది. ఏ ఫంక్షన్, ఎంతసేపు, ఎవరైనా ఉద్యోగం సంగతి అడిగితే ఏం చేయాలి, అసలు వెళ్లడం వల్ల ఏం తెలుసుకోవాలనుకుంటున్నాం అన్నవేవీ లేవు. అతను "సరే మేడమ్" అన్నాడు. వెళ్లడని వింటున్నవాళ్లకు అర్థమవుతూనే ఉంది. ఇంటి పని అంశంలో రెండు. సమయపాలన, ప్రవర్తన గురించి అడగడం, సమస్యను చట్రంలో చూపించడం, ఈ మూడింటిలో మూడేసి. క్లయింటుకు ఎంత అర్థమైందో చూసుకోవడంలో, మార్పు పద్ధతుల్లో రెండేసి. అన్నీ కలిపితే 31. ఉత్తీర్ణతకు అయిదు మార్కులు తక్కువ.

ఆ ఒక్క నిమిషం నాలుగు మార్కుల స్థాయిలో ఎలా ఉండేదో రాసి చూస్తే మెట్ల మధ్య తేడా తెలుస్తుంది.

"'అందరికీ తెలిసిపోయింది' అన్నప్పుడు మీ గొంతు పడిపోయింది. ఆ క్షణంలో మీ కళ్ల ముందు ఎవరున్నారు?"

"మా పెదనాన్న."

"ఆయన విషయంలో ఏం గుర్తొచ్చింది?"

"దసరాకు వెళ్తే, 'ఏరా, ఇంకా చదువుతూనే ఉన్నావా' అన్నారు మేడమ్. నలుగురిలో."

"నలుగురిలో ఆ మాట పడితే కష్టమే. ఆయన ఏ ఉద్దేశంతో అన్నారని మీకనిపించింది?"

"చేతకానివాడని."

"అది ఒక అర్థం. దానికి సరిపోయేవి గానీ సరిపోనివి గానీ, ఆయన మీతో మెలిగిన తీరులో ఇంకేమైనా గుర్తొస్తున్నాయా?"

చాలాసేపు మౌనం. "మొదటిసారి కోచింగ్ ఫీజు ఆయనే కట్టారు."

"అంటే ఒకవైపు నలుగురిలో ఆ మాట, ఇంకోవైపు ఆ ఫీజు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకేమనిపిస్తోంది?"

ఇక్కడ థెరపిస్టు ఒక్క సలహా ఇవ్వలేదు. ధైర్యం కూడా చెప్పలేదు. ఆమెకు తెలియని విషయం ఒకటి, అతను మరిచిపోయిన విషయం ఒకటి బయటికొచ్చాయి. సమాచారం అడగడం, శ్రద్ధగా వినడం, విన్నదాన్ని కూడగట్టి చెప్పడం, చివర దాన్ని అతని నమ్మకానికి ముడివేసే ప్రశ్న వేయడం. అమెరికన్ సీబీటీ నిపుణురాలు క్రిస్టీన్ పడెస్కీ 1993లో లండన్‌లో చేసిన ప్రసంగంలో ఈ నాలుగు దశలనూ వివరించారు. మనిషి మనసు మార్చడం వేరు, తానే కనుక్కునేలా తోడు నడవడం వేరని ఆ ప్రసంగ సారాంశం. మన ఊహా సెషన్‌లో థెరపిస్టు మొదటిది చేసింది. కోర్సు ఆమెకు నేర్పాల్సింది రెండోది.

మార్కు తర్వాత మాట

31 అన్న అంకె చూసి ఆమె ఏమీ నేర్చుకోలేదు. "గైడెడ్ డిస్కవరీ బలహీనం, ఇంకా సాధన అవసరం" అని పక్కన రాసినా ఉపయోగం లేదు. ఆమె వచ్చే వారం గదిలో కూర్చున్నప్పుడు నోటి నుంచి ఏం రావాలో ఆ వాక్యం చెప్పదు. అందుకే మంచి కోర్సుల్లో పట్టికతో పాటు ఫీడ్‌బ్యాక్‌కు దారి తీసే ప్రశ్నలు కూడా ఉంటాయి. వాటికి మొదట ట్రైనీయే జవాబు రాయాలి. సూపర్‌వైజర్ మార్కులు చూడకముందే, అదే పట్టికతో తన సెషన్‌కు తానే మార్కులు వేసుకోవాలి. ఇద్దరి అంకెల మధ్య ఎక్కడ దూరం ఎక్కువుందో అక్కడే చర్చ మొదలవుతుంది.

ట్రైనీ కోసం:

ఈ సెషన్‌లో క్లయింటు నోటి నుంచి మీరు ఊహించని విషయం ఏదైనా వచ్చిందా? ఏ నిమిషంలో? దానికి ముందు మీరు ఏమన్నారు?

క్లయింటు భావం మారిన ఒక క్షణం గుర్తించండి. అప్పుడు మీరు ఏం చేశారు? అప్పుడు మీ లోపల ఏం జరిగింది?

ఒక నిమిషాన్ని తిరిగి చేసే అవకాశం వస్తే ఏ నిమిషాన్ని ఎంచుకుంటారు? అక్కడ మీరు అనే మొదటి వాక్యం రాయండి.

సూపర్‌వైజర్ కోసం:

ఈ మార్కుకు ఆధారమైన మాటలు ఏవి? నిమిషంతో సహా చెప్పండి. ఇంకొక్క మార్కు ఎక్కువ రావాలంటే అక్కడ ఏం వినబడి ఉండాలి? వచ్చే రికార్డింగ్‌లో వెతకాల్సిన ఒకే ఒక్క మార్పు ఏమిటి?

మన ట్రైనీ ఈ ప్రశ్నలకు జవాబు రాస్తూ రెండోదాని దగ్గర ఆగిపోయిందనుకుందాం. "అతని గొంతు పడిపోయినప్పుడు నాకు భయమేసింది, ఏదో ఒకటి చెప్పి తేలికపరచాలనిపించింది" అని రాసింది. సమస్య ప్రశ్నలు వేయడం రాకపోవడం కాదని ఇప్పుడు తేలింది. అవతలి మనిషి బాధను కాసేపు భరించడం ఆమెకు ఇంకా రావాలి. సూపర్‌వైజర్ రాయాల్సింది ఇలా ఉంటుంది: "17వ నిమిషంలో అతని ఆప్యాయతను మీరు సంపాదించుకున్నారని వినబడుతోంది. అదే నిమిషంలో నాలుగు వాక్యాలు వరుసగా మీవే. వచ్చే సెషన్‌లో అతని గొంతు మారినప్పుడు, గమనించానని ఒక్క వాక్యం చెప్పి ఆగండి. అతను మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి." తర్వాత ఇద్దరూ ఆ నిమిషాన్ని అక్కడే నటించి చూడాలి. సూపర్‌వైజర్ క్లయింటుగా కూర్చుంటే, ట్రైనీ ఆ మౌనాన్ని తన ఒంటితో అనుభవిస్తుంది. పన్నెండు అంశాల్లో ఆరింటికి రెండు వచ్చినా, ఆరు లోపాలూ ఒకేసారి చెప్పకూడదు. ఒకటి రెండు చాలు. ఎక్కువ చెబితే ఆమె వచ్చే సెషన్‌లో క్లయింటును వినడం మానేసి పట్టికను తలచుకుంటూ కూర్చుంటుంది.

స్కేలు ఎక్కడ తప్పుతుంది?

ఇంత వివరంగా రాసుకున్న పట్టికతో మార్కులు వేస్తే ఇద్దరు పరీక్షకులకు ఒకే అంకె రావాలి. అలా రావడం లేదు. 2019లో టోనీ రోత్, ఆయన సహచరులు బ్రిటన్‌లో ఒక పరిశీలన ప్రచురించారు. అనుభవమున్న ఆరుగురు పరీక్షకులు శిక్షణలో ఉన్న థెరపిస్టుల 25 వీడియోలకు ఎవరికి వారు మార్కులు వేశారు. సీటీఎస్-ఆర్‌తోనూ వేశారు, కొత్తగా తయారుచేసిన ఇంకో స్కేలుతోనూ వేశారు. రెండింటిలోనూ వాళ్ల మధ్య ఏకీభావం తక్కువగానే ఉంది. అంటే మన ట్రైనీకి వచ్చిన 31, ఇంకో పరీక్షకుడి చేతిలో 37 అయి ఉండవచ్చు. ఒక్క రికార్డింగ్, ఒక్క పరీక్షకుడు, ఒక్క అంకెతో ఒకరి వృత్తి భవిష్యత్తును తేల్చేయడం అన్యాయం.

తేడాలు ఎక్కడ పుడతాయో పరీక్షకులు తమను తాము గమనించుకుంటే తెలుస్తుంది. ట్రైనీ గొంతులోని ఆప్యాయత నచ్చితే మిగతా పదకొండు అంశాల్లోనూ చెయ్యి పైకే పోతుంది. ఆప్యాయతకు అయిదో అంశంలో మార్కు వేశాక మళ్లీ లెక్కపెట్టకూడదు. నడిమధ్య అంకె వేసేసి ఊరుకోవడం ఇంకో అలవాటు. ఒకరి పట్టికలో పన్నెండూ మూడేసి ఉంటే ఆ పరీక్షకుడు రికార్డింగ్‌ను సరిగా వినలేదని అనుమానించాలి. వీటికి మందు ఒకటే. పరీక్షకులు తరచూ కలిసి కూర్చుని ఒకే రికార్డింగ్‌కు విడివిడిగా మార్కులు వేసి, తేడా వచ్చిన చోట మళ్లీ విని, ఏ మాటలను ఆధారంగా తీసుకున్నారో ఒకరికొకరు చూపించుకోవాలి. ఉత్తీర్ణత సరిహద్దులో ఉన్న రికార్డింగులను రెండో మనిషి కూడా వినాలి.

ఏ రికార్డింగ్‌ను వింటున్నామన్నది ఇంకో చిక్కు. చాలాచోట్ల ట్రైనీయే తన సెషన్లలో ఒకటి ఎంచి ఇస్తారు. సహజంగానే బాగా వచ్చినదాన్ని ఇస్తారు. నేర్చుకోవాల్సింది అందులో తక్కువ. పరీక్ష కోసం మంచి రికార్డింగ్ ఇచ్చినా, సూపర్‌విజన్‌కు మాత్రం తడబడ్డ సెషన్ తీసుకురావాలి. తడబాటును తీసుకొచ్చినందుకు మార్కు పోదని ట్రైనీకి నమ్మకం ఉంటేనే అది జరుగుతుంది. అందుకని నేర్పడానికి వినే రికార్డింగ్‌నూ, తేల్చడానికి వినే రికార్డింగ్‌నూ వేరుగా ఉంచడం మంచిది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే ప్రశ్న మరొకటి ఉంది. ఎక్కువ మార్కులు వచ్చిన థెరపిస్టు దగ్గర క్లయింట్లు ఎక్కువగా కోలుకుంటారా? 2010లో క్రిస్టియన్ వెబ్, రాబర్ట్ డిరూబీస్, జాక్ బార్బర్ అంతవరకూ వచ్చిన 36 అధ్యయనాలను కలిపి చూశారు. నైపుణ్యపు మార్కుకూ క్లయింటు కోలుకోవడానికీ మధ్య వాళ్లకు కనబడిన సంబంధం దాదాపు సున్నా. దీన్ని చూసి నైపుణ్యం అక్కర్లేదనుకోకూడదు. పరిశోధనల్లో పాల్గొనే థెరపిస్టులంతా ముందే బాగా శిక్షణ పొందినవాళ్లు, వాళ్ల మధ్య తేడాలు చిన్నవి. క్లయింటు కష్టం ఎక్కువైతే ఎంత మంచి థెరపిస్టుకైనా సెషన్ గతుకులమయంగా నడుస్తుంది. ఒకటి రెండు సెషన్లకు వేసిన మార్కు నెలల తరబడి నడిచిన పనికి ప్రతినిధి కాలేదు. అయినా ఈ ఫలితం ఒక హద్దు గీస్తోంది. ఆ గంటలో థెరపిస్టు ఏం చేశారో స్కేలు చెబుతుంది. క్లయింటు బాగుపడుతున్నాడా అన్నది క్లయింటునే అడిగి విడిగా కొలవాలి.

గోవా చూపిన దారి

ఇన్ని పరిమితులున్నా రికార్డింగ్ విని మార్కులు వేసుకునే పద్ధతి మన దేశంలో ఒక ముఖ్యమైన పని చేసి చూపించింది. గోవాలో సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం, డిప్రెషన్‌తో ఉన్నవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చిన్న థెరపీ అందించడానికి మానసిక వైద్యంలో ముందు శిక్షణ లేని స్థానికులను కౌన్సెలర్లుగా తీర్చిదిద్దారు. అంతమందిని పర్యవేక్షించడానికి నిపుణులు చాలరు. అందుకే కౌన్సెలర్లే గుంపుగా కూర్చుని, ఒకరి రికార్డింగ్‌ను అందరూ విని, ఆ థెరపీ కోసమే తయారుచేసిన స్కేలుతో ఎవరికి వారు మార్కులు వేసి, తర్వాత చర్చించుకునేవారు. తోటివాళ్లు వేసిన మార్కులు నిపుణులు వేసినవాటికి ఓ మోస్తరుగా దగ్గరగా ఉన్నాయని 2014లో వచ్చిన పరిశీలన చెప్పింది. ఆ థెరపీ ఫలితాలు తర్వాత లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్ల కన్నా దీన్ని కూడా పొందినవాళ్లు ఎక్కువగా కోలుకున్నారు.

తెలుగులో థెరపీ నేర్పుతున్నవాళ్లకు ఇందులో నేరుగా పనికొచ్చే పాఠం ఉంది. స్కేలులోని అంశాలను తెలుగులోకి మార్చుకుంటే పని పూర్తికాదు. ప్రతి మెట్టుకూ తెలుగు సంభాషణల నుంచి తీసిన నమూనాలు కావాలి. "మీ ఇష్టం మేడమ్" అన్న క్లయింటుతో రెండు మార్కుల సంభాషణ ఎలా ఉంటుంది, నాలుగు మార్కులది ఎలా ఉంటుంది? తల్లి కూడా లోపలికి వచ్చి కూర్చుంటే? "దేవుడి మీద భారం వేశా" అంటే? ఇంగ్లండ్ మాన్యువల్‌లో వీటికి జవాబులు దొరకవు. ఇక్కడి శిక్షకులు తమ విద్యార్థుల సెషన్లు విని, కలిసి కూర్చుని రాసుకోవాల్సిందే.

చివరిగా, థెరపీకి వెళ్లే పాఠకులకు ఒక మాట. శిక్షణలో ఉన్న థెరపిస్టు మీ సెషన్‌ను రికార్డు చేసుకోవచ్చా అని అడిగితే, ఆమె తన పనిని పెద్దవాళ్ల ముందు పెట్టి దిద్దుకోవడానికి సిద్ధంగా ఉందని అర్థం. అది మంచి లక్షణం. ఒప్పుకునే ముందు మూడు విషయాలు అడగండి: దీన్ని ఎవరెవరు వింటారు, ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఇష్టం లేకపోతే వద్దనండి, ఒప్పుకున్నాక మనసు మారినా వద్దనండి. అందువల్ల మీ థెరపీ ఆగకూడదు, అందులో తేడా రాకూడదు. మానసిక ఆరోగ్య చికిత్సలో గోప్యత 2017 నాటి చట్టం మీకిచ్చిన హక్కు.